మాట్లాడని కొడుక్కి అమ్మ రాసే మెసేజ్

ఉద్యోగం విషయంలో గొడవపడి ఇంటికి ఫోన్ చేయడం మానేసిన కొడుకులు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. పైకి చెప్పుకోరు. ఎవరైనా అడిగితే ‘వాడికి తీరిక లేదు’ అని ఆ తల్లి మాట దాటేస్తుంది. నెలలు గడిచాక, ఒక రాత్రి అందరూ పడుకున్నాక, ఫోన్ తీసి వాట్సాప్‌లో ఏదో రాయడం మొదలుపెడుతుంది. ఆ నాలుగు వాక్యాల మీద చాలా ఆధారపడి ఉంటుంది. అందుకే వాటి గురించే ఈ వ్యాసం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. తెనాలి దగ్గర ఒక కుటుంబం. అరెకరం అమ్మి కొడుకుని ఇంజినీరింగ్ చదివించారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్లు చేశాక అది వదిలేసి, సినిమాల్లో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాడు. భోజనాల దగ్గర, మేనమామ కుటుంబం ముందే, తల్లి అంది: ‘నిన్ను చదివించింది ఇందుకేనా? మమ్మల్ని రోడ్డున పడేశావు.’ అతను సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచాడు. కనుమ కూడా ఆగకుండా బస్సెక్కాడు. ఆ తర్వాత ఫోన్ లేదు.

ఇలాంటి తల్లి మొదట రాసే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది: ‘అమ్మ గుర్తుందా? మీ నాన్నకి బీపీ ఎక్కువైంది. నాకు అన్నం సహించడం లేదు. ఏదో కోపంలో అన్నాను, కానీ అదంతా నీ మంచికే కదా. సుబ్బారావుగారబ్బాయి అమెరికా వెళ్లాడు. చుట్టాలు అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాం. ఒక్కసారి ఫోన్ చెయ్యి.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రేమ కూడా ఉంది. కానీ కృష్ణానగర్ గదిలో కూర్చున్న కొడుకు దీన్ని ఎలా చదువుతాడో చూడండి. మొదటి ప్రశ్న నిలదీస్తోంది. బీపీకీ తినకపోవడానికీ తనే కారణమని తేలుతోంది. క్షమాపణ మొదలైనట్టే మొదలై ‘నీ మంచికే’ దగ్గర వెనక్కి పోయింది. సుబ్బారావుగారబ్బాయి వచ్చేసరికి సంక్రాంతి గొడవ మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరున ఫోన్ చేయమంటే, ఇదంతా ఇంకోసారి వినడానికి రమ్మన్నట్టే అతనికి అనిపిస్తుంది. చదువుతాడు, నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ పిల్లెమర్ ఈ విషయంపై పరిశోధన చేసి 2020లో ఒక పుస్తకం తెచ్చారు. ఆయన సర్వేలో పాల్గొన్న 1,340 మందిలో 27 శాతం మంది, కుటుంబంలో ఎవరో ఒకరితో తమకు సంబంధాలు తెగిపోయాయని చెప్పారు. అది వాళ్ల దేశపు లెక్క, మన ఇళ్లకు అలాగే వర్తించదు. మనకు పనికొచ్చేది వేరే ఉంది. మళ్లీ కలిసిన వాళ్లతో ఆయన మాట్లాడితే ఒక విషయం పదేపదే బయటపడింది. జరిగినదాని గురించి తాము చెప్పేదే నిజమని అవతలివాళ్లు ఒప్పుకోవాలన్న పట్టు వాళ్లు వదిలేశారు. అలాగే ఇలాంటి తల్లిదండ్రులకు సలహాలిచ్చే మనస్తత్వ నిపుణుడు జాషువా కోల్‌మన్, తల్లిదండ్రులు రాసే లేఖలో తమను తాము సమర్థించుకోవద్దని గట్టిగా చెబుతారు. కూతురు కొన్నేళ్లు దూరమైన బాధ ఆయన స్వయంగా పడ్డారు.

ఈ రెండు మాటలూ తెనాలి ఇంటికి తెచ్చుకుంటే ఆ తల్లి మెసేజ్ ఇలా మారుతుంది:

‘నాన్నా, సంక్రాంతినాడు భోజనాల దగ్గర మామయ్యవాళ్ల ముందు నిన్ను “రోడ్డున పడేశావు” అన్నాను. అలా అనడం నా తప్పు. ఆ పని ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నావో చెప్పబోయావు, నేను విననివ్వలేదు. నిలకడ లేని పనేమోనని నాకు ఇంకా భయంగానే ఉంది. నీతో మాట్లాడినప్పుడు ఆ భయం నీ నెత్తిన వెయ్యను. నువ్వు ఎత్తితే తప్ప ఉద్యోగం మాట నేను ఎత్తను. జవాబు ఇప్పుడే ఇవ్వాలని లేదు. అమ్మ.’

మొదటి వాక్యం ముఖ్యం. ‘ఏదైనా తప్పుగా అనుంటే మనసులో పెట్టుకోకు’ అని రాస్తే, ఏమన్నదో ఆమెకి గుర్తే లేదనుకుంటాడు. అన్న మాటని అన్నట్టుగా, ఎవరి ముందు అన్నదో సహా రాస్తే, ఎక్కడ గుచ్చుకుందో అమ్మకి తెలుసని అతనికి అర్థమవుతుంది. నలుగురిలో జరిగిన అవమానం ఉద్యోగం గొడవ కన్నా ఎక్కువకాలం బాధిస్తుంది. చాలామంది తల్లులు ఇది గమనించరు.

భయం ఉందని రాయడం కూడా అవసరమే అంటాను. ‘నీ పని నాకెంతో నచ్చింది’ అని అబద్ధం రాస్తే మొదటి ఫోన్లోనే గొంతు పట్టిస్తుంది. పైగా ఉద్యోగం మాట ఎత్తనని రాశాక నిజంగా ఎత్తకూడదు. నిలబెట్టుకోలేరనిపిస్తే ఆ వాక్యం తీసేయడమే మేలు.

టైపు చేయడం రాని తల్లి కూతురి చేత రాయించుకోవచ్చు. అయితే తను చెప్పింది చెప్పినట్టే రాయమనాలి. అమ్మ వాడని మాట ఒక్కటి దొర్లినా అక్క రాసిందని పట్టేస్తాడు. వాయిస్ మెసేజ్ పంపాలనుకుంటే, గొంతు పూడుకుపోని వేళ చూసుకుని నిమిషంలోపు ముగించండి. ఏడుపు వినిపిస్తే అతను మళ్లీ దోషి అయిపోతాడు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. మెసేజ్‌తోపాటు డబ్బులు పంపకండి. మేనమామ చేత రాయబారం అసలొద్దు.

పంపాక వచ్చే మౌనమే అసలు కష్టం. రెండోరోజే ‘చూశావా?’ అని అడిగితే, జవాబు ఇప్పుడే అక్కర్లేదన్న మాట వట్టిదైపోతుంది. నెలా రెండు నెలలు ఆగి చిన్నది ఒకటి పంపవచ్చు, మొదటిదాని ప్రస్తావన లేకుండా: ‘పెరట్లో మామిడికి పూత బాగా వచ్చింది.’ పంపి ఊరుకోవడమే. ‘చూశాను’ అని ఒక్క ముక్క వస్తే అది జవాబే. వెంటనే ఫోన్ చేసి మీదపడకండి. మాటలు మొదలైతే అతని పని గురించి అడగండి, జీతం మాత్రం అడగొద్దు. తీసిన సీనుకి శబ్దాన్ని సరిగ్గా జతపెట్టడం అసిస్టెంట్ ఎడిటర్లు చేసే పనుల్లో ఒకటి. అదెలా చేస్తారో చెప్పమంటే ఏ కొడుకైనా కాసేపు మాట్లాడతాడు.

అన్ని ఇళ్లలోనూ ఇది ఫలించదు. ‘నాకు మెసేజ్‌లు పెట్టొద్దు’ అని అతను తేల్చి చెబితే ఆగాల్సిందే. తండ్రి చెయ్యి చేసుకున్న ఇంట్లో అమ్మ ఒక్కతే క్షమాపణ చెబితే సరిపోదు. ఆ తండ్రి తన మాట తనే రాయాలి. మరో సంగతి: స్నేహితులతో కూడా మాట్లాడటం లేదనో, గది దాటి రావడం లేదనో తెలిస్తే, అది అలక అనుకుని ఊరుకోకూడదు. వెంటనే అతని దగ్గరికి ఒక మనిషి వెళ్లాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా ఇస్తారు, ఖర్చు లేదు.

ఇక, అమ్మ మెసేజ్ చూసి ఏం రాయాలో తోచక ఫోన్ పక్కన పెట్టేసిన కొడుకులకు ఒక మనవి. క్షమించామని రాయకపోయినా ఫర్వాలేదు, ఇంటికి వస్తామని చెప్పకపోయినా ఫర్వాలేదు. ‘చదివానమ్మా, కొన్నాళ్లు టైమివ్వు’ అని ఈ రోజే రాయండి.