కారు మాన్యువల్‌లో ఆ రెండు పట్టికలు

కారుతో పాటు చేతికొచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో యజమానికి బాగా పనికొచ్చే పట్టికలు రెండున్నాయి. ఏ పని ఎప్పుడు చేయించాలో సర్వీసు షెడ్యూలు చెబుతుంది. ఏ లైటు వెలిగితే ఏం చేయాలో రెండోది చెబుతుంది. పెట్రోలు కారులో ఇంజిన్ ఆయిల్‌ను పట్టుకుని చదివితే రెండూ తేలిగ్గానే అర్థమవుతాయి.

సర్వీసు పట్టికలో ఎడమ పక్కన పనుల పేర్లు, పై వరసలో కిలోమీటర్లు, వాటి కింద నెలలు ఉంటాయి. గడుల్లో ఉండేవి అక్షరాలు. చాలా కంపెనీల పట్టికల్లో ‘ఐ’ అంటే పరీక్షించి, అవసరమైతేనే మార్చాలని. ‘ఆర్’ అంటే తప్పనిసరిగా మార్చాలని. సర్వీసు బిల్లు చూసేటప్పుడు ఈ తేడా అక్కరకొస్తుంది. ‘ఐ’ ఉన్న గడిలో ఎయిర్ ఫిల్టరు మార్చి బిల్లు వేస్తే, పాత ఫిల్టరు చూపించమని నిస్సంకోచంగా అడగవచ్చు.

కిలోమీటర్లు, నెలలు రెండూ ఇచ్చినప్పుడు ఏది ముందు వస్తే అదే గడువు. ఉదాహరణకు ఒక మాన్యువల్‌లో ఇంజిన్ ఆయిల్‌కు 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు అని ఉందనుకుందాం. విజయవాడలో ఒక కారు కొని 14 నెలలైంది, తిరిగింది 6,200 కిలోమీటర్లే. మీటరు చూస్తే ఇంకా చాలా దూరం ఉందనిపిస్తుంది. కానీ నెలల లెక్కన గడువు దాటి రెండు నెలలైంది.

అంతటితో లెక్క పూర్తి కాలేదు. పట్టిక కిందనో, తర్వాతి పేజీలోనో ‘కఠిన పరిస్థితుల్లో వాడకం’ అంటూ సన్న అక్షరాల్లో ఇంకో షెడ్యూలు ఉంటుంది. దుమ్ము రోడ్లు, ఆగుతూ సాగే ట్రాఫిక్, ఎక్కువసేపు ఐడిలింగ్, రోజూ కొద్ది దూరాల ప్రయాణం దీని కిందికి వస్తాయి. చూడబోతే మన ఊళ్లలో సగం కార్ల వాడకం ఇదే. పై కారు రోజూ బడికి మూడు కిలోమీటర్లు వెళ్లి రావడానికే వాడుతున్నారనుకుంటే, ఆ కాస్త దూరంలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరై పోయే వీలుండదు. అవి ఆయిల్‌లోనే కలిసి దాని పనితనాన్ని తగ్గిస్తాయి. అందుకే అలాంటి వాడకానికి గడువును చాలా మాన్యువళ్లు సగం దాకా కుదిస్తాయి. ఈ మాన్యువల్ 5,000 కిలోమీటర్లు లేదా 6 నెలలు అని ఉంటే, ఆ కారుకు ఈపాటికి రెండుసార్లు ఆయిల్ మార్చి ఉండాలి.

ఆయిల్ పాడైతే లైటే చెబుతుందిలే అనుకోవడం మామూలు. నూనె డబ్బా బొమ్మతో వెలిగే ఎర్ర లైటు చెప్పేది ఆయిల్ వయసు కాదు, ఒత్తిడి. ఒత్తిడి బాగా పడిపోయాకే అది వెలుగుతుంది. అప్పటికి బేరింగులకు ఆయిల్ సరిగా అందడం లేదన్నమాట. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. చదునైన చోట కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. మట్టం సరిగానే ఉన్నా లైటు ఆరకపోతే బండిని లాగించుకు వెళ్లడమే మార్గం.

లైట్ల పట్టికలో బొమ్మ కంటే ముందు రంగు చూడాలి. ఎరుపైతే ఆపాలి, పసుపైతే త్వరలో చూపించాలి, ఆకుపచ్చ, నీలం అయితే ఏదో ఆన్‌లో ఉందని అర్థం. ఇగ్నిషన్ ఆన్ చేయగానే హెచ్చరిక లైట్లు చాలావరకు వెలిగి ఆరిపోతాయి. అవి పనిచేస్తున్నాయని చూపడానికే. ఆ క్షణంలో ఆయిల్ లైటు అసలు వెలగకపోతే సంతోషించాల్సింది లేదు, దాన్నీ చూపించాలి.

రంగు ఒక్కటే చాలదని ఇంజిన్ లైటు గుర్తు చేస్తుంది. అది పసుపే. నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే ఒకటి రెండు రోజుల్లో వర్క్‌షాపుకు తీసుకెళ్లవచ్చు. అదే ఆరుతూ వెలుగుతుంటే సిలిండర్లలో పెట్రోలు సరిగా మండడం లేదన్నమాట. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలితే, ఆ వేడికి అది కరిగిపోవచ్చు. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపడం మంచిది.

బ్రేకు లైటు ఎరుపు. హ్యాండ్ బ్రేక్ దించాక కూడా ఆరకపోతే బ్రేక్ ఫ్లూయిడ్ మట్టం చూడాలి. ఎక్కడో కారుతూ ఉండవచ్చు. లేదా ప్యాడ్లు అరిగి పిస్టన్లు ముందుకు జరిగినందువల్ల మట్టం దిగి ఉండవచ్చు. కారణం చూడకుండా ఫ్లూయిడ్ పోస్తే లైటు ఆరుతుంది గాని అరుగుదల బయటపడదు. అలా నింపిన ఫ్లూయిడ్, తర్వాత కొత్త ప్యాడ్లు వేస్తూ పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు డబ్బా నుంచి పొంగి పడి, చుట్టూ ఉన్న పెయింటును పాడు చేస్తుంది.