స్లైడ్లకు ముందు ఒక ఈమెయిల్

మన హాస్టల్లో చదువుకుని వెళ్లినవారిలో కొందరు ఇప్పుడు అధ్యాపకులుగా, పరిశోధక విద్యార్థులుగా సెమినార్లకు వెళ్తున్నారు. పత్రం ఎంపికైందన్న కబురు రాగానే అందరం ముందు స్లైడ్ల పని పట్టుకుంటాం. ఆ పని ముగించేలోగా నిర్వాహకులకు ఒక చిన్న ఈమెయిల్ రాయాలని మేము తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెబుతుంటాం. మా బ్యాచ్ స్నేహితురాలు ఒకామె తోలుబొమ్మలాట పాటల మీద పత్రం సమర్పించబోతూ, పది రోజుల ముందు ఇలా రాసింది:

"విషయం: రెండో రోజు పత్ర సమర్పణ – స్లైడ్ల గురించి సందేహాలు.
సంచాలకుల వారికి నమస్కారం. కరపత్రంలో నాకు 20 నిమిషాలని ఉంది. ప్రశ్నల సమయం అందులోనే కలిసి ఉందా, విడిగా ఇస్తారా? తెర 4:3 కొలతదా, 16:9 కొలతదా? నా ల్యాప్‌టాప్ వాడుకోవచ్చా, మీ కంప్యూటర్‌లోనే చూపాలా? నా ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. రెండు నిమిషాల వీడియో ఉంది. దాని శబ్దం హాలులో వినిపించే వీలుందా? సోమవారం లోగా తెలిపితే స్లైడ్లు ఖరారు చేసుకుంటాను."

కరపత్రంలో ఉన్నదాన్ని ఆమె మళ్లీ అడగలేదు. ప్రతి ప్రశ్నకూ ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. పది పనుల్లో ఉన్న మనిషి అలాంటి ఉత్తరానికే వెంటనే బదులిస్తాడు. "ఏర్పాట్లు ఎలా ఉన్నాయి?" అని అడిగితే "అన్నీ ఉన్నాయి, రండి" అనే వస్తుంది!

మూడో రోజున జవాబు వచ్చింది. 20 నిమిషాల్లో చివరి 5 ప్రశ్నలకే. ప్రొజెక్టర్ పాతది, 4:3 కొలత, వీజీఏ తీగ. సమయం వృథా కాకుండా అందరి స్లైడ్లూ హాలులోని కంప్యూటర్‌లోనే ఎక్కిస్తారు. దానికి స్పీకర్లు లేవు.

ఆమె దగ్గర అప్పటికి 24 స్లైడ్లున్నాయి. గడియారం పెట్టుకుని గట్టిగా చదివితే 27 నిమిషాలు పట్టింది. ఉన్నవి 15. వేగంగా చదివి నెట్టుకురావచ్చని కొందరు అనుకుంటారు గానీ, అధ్యక్షులు గంట కొట్టేసరికి అసలు ఫలితాలు చెప్పకుండానే దిగిపోవలసి వస్తుంది. ఆమె పూర్వ పరిశోధనల స్లైడ్లన్నీ తీసేసి, 12 స్లైడ్లతో 14 నిమిషాలకు కుదించింది.

తెర సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2013 పవర్‌పాయింట్ నుంచి కొత్త ఫైలు తెరిస్తే వెడల్పైన 16:9 స్లైడే వస్తుంది. దాన్ని 4:3 తెర మీద వేస్తే వెడల్పు సరిపోయేదాకా బొమ్మ మొత్తం కుంచించుకుపోతుంది. పైనా కిందా నల్లని పట్టీలు మిగిలి, తెర ఎత్తులో నాలుగింట మూడు వంతులే పనికొస్తుంది. అక్షరాలూ ఆ మేరకు తగ్గుతాయి. 4:3 స్లైడ్ మీద 24 సైజు అక్షరం ఎంత కనిపిస్తుందో, ఇక్కడది 18 సైజంత కనిపిస్తుంది. వత్తులు, గుణింతాలు ఉన్న మన లిపి వెనుక బెంచీలకు ఆనదు. స్లైడ్లన్నీ అయ్యాక Slide Size మారిస్తే పట్టికలు, ఫొటోలు చెదిరి మళ్లీ ఒక్కొక్కటే సర్దుకోవాలి. ముందే తెలిస్తే ఆ శ్రమ ఉండదు.

వీజీఏ తీగలో బొమ్మ వెళ్తుంది గానీ శబ్దం వెళ్లదు. శబ్దానికి వేరే తీగ, స్పీకర్లు కావాలి. అవి లేవని తెలిశాక ఆమె వీడియో తీసేసి, మూడు ఫొటోలు పెట్టి, పాటలోని రెండు చరణాలు తానే పాడి వినిపించాలని నిర్ణయించుకుంది. (పాడింది కూడా. ఆ పూట చప్పట్లు దానికే.)

అసలు చిక్కు వేరేవాళ్ల కంప్యూటర్‌తో. పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో కొడితే తెలుగు తెలుగుగానే ఉంటుంది. కానీ ఆ ఫాంటు లేకపోతే మరో ఫాంటు వచ్చి వరుసలు జరిగి, చివరి పంక్తి స్లైడ్ దాటిపోవచ్చు. విండోస్ పవర్‌పాయింట్‌లో File, Options, Save లోకి వెళ్లి Embed fonts in the file ఎంచుకుంటే ఫాంటు ఫైలుతోపాటే వెళ్తుంది. కొన్ని ఫాంట్లు ఇందుకు ఒప్పుకోవు. అందుకని ఆమె పీడీఎఫ్ కూడా చేసి రెండింటినీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంది. సరిగ్గా ఉన్నదీ లేనిదీ తన ల్యాప్‌టాప్‌లో తెలియదు కాబట్టి, ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకుంది.

జవాబు రాకపోతే నాలుగు రోజులాగి, అదే ఉత్తరం కింద రెండు వాక్యాలు జోడించి పంపండి. అప్పటికీ రాకపోతే కరపత్రంలోని నంబరుకు ఫోన్ చేయండి. అదీ కుదరకపోతే 20లో 15 నిమిషాలే మీవనుకుని, అక్షరాలు పెద్దవిగా పెట్టి, శబ్దం అవసరంలేని స్లైడ్లు చేసుకోండి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్ ఒకటి సంచిలో ఉంచుకోండి. అది మన సీనియర్లలో ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది, అడిగితే ఇస్తారు.