మీకు తెలుసా? మెలటోనిన్ మోతాదు పెంచితే నిద్ర పెరగదు!

నిద్రకు మెలటోనిన్ 0.3 మిల్లీగ్రాములు చాలు, అంటే 3 మి.గ్రా. మాత్రలో పదో వంతు. అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు 50 ఏళ్లు దాటిన నిద్రలేమి బాధితులకు 0.1, 0.3, 3 మి.గ్రా. మోతాదులు ఇచ్చి చూసి, 2001లో ఫలితాలు ప్రకటించారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది 0.3 మి.గ్రా.

3 మి.గ్రా. వేసుకున్నవారికీ నిద్ర పట్టింది. కానీ ఒంటి వేడి తగ్గింది, తెల్లవారాక కూడా మందు రక్తంలో మిగిలింది. మెలటోనిన్ మత్తుమందు కాదు, రాత్రయిందని ఒంటికి చెప్పే సంకేతం. పగలు కూడా అది మిగిలితే శరీర గడియారం తికమకపడుతుంది.

వేళ కూడా ముఖ్యమే. రోజూ ఒంటిగంటకు గానీ నిద్రపట్టనివారు పడుకునే ముందు కాక, రాత్రి 8 గంటల ప్రాంతంలో 0.5 మి.గ్రా. తీసుకుంటే నిద్రవేళ క్రమంగా ముందుకు జరుగుతుంది. వేసుకున్నాక బండి నడపకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను విరవకూడదు. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.