సీలు తీసేముందు సీరియల్ నంబరు

మా తమ్ముడి ఫొటో స్టూడియోకి 4 టీబీ హార్డ్ డిస్క్ కావాలంటే సికింద్రాబాద్‌లో ఒక షాపులో ఆర్డరిచ్చాం. డెలివరీకి వచ్చిన కుర్రాడు కవరు చేతిలో పెట్టి సంతకం చేయమన్నాడు. ‘రెండు నిమిషాలు ఆగు బాబూ’ అని ఫోన్ తీశాను.

డిస్క్ మీది లేబుల్ కవరులోంచే కనిపిస్తుంది. అందులో S/N అని ఉన్నచోట రాసిందే సీరియల్ నంబరు. దాన్ని తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో వారంటీ పేజీలో కొట్టాను. గడువు తేదీ రాలేదు. ఈ డిస్క్‌ను కంప్యూటర్లు తయారుచేసేవాళ్లకు విడిభాగంగా అమ్మామనీ, వారంటీకి వాళ్లనే అడగమనీ వచ్చింది. షాపుకి ఫోన్ చేస్తే ‘మూడేళ్ల వారంటీ మేమిస్తాం కదండీ’ అన్నారు. షాపు మూతపడితే ఆ మాట ఎవరిని అడగాలి? డిస్క్ వెనక్కి పంపేశాం.

మర్నాడు వచ్చిన రెండోదానికి వారంటీ ఇంకా 2 సంవత్సరాల 10 నెలలుందని చూపించింది. మూడేళ్లకు రెండు నెలలు తగ్గిందని కంగారుపడక్కర్లేదు. కొన్ని కంపెనీలు సరుకు తమ దగ్గర్నుంచి బయల్దేరిన రోజు నుంచే లెక్క మొదలుపెడతాయి. మన బిల్లు చూపిస్తే కొన్న తేదీ నుంచి సరిచేసే వీలు చాలాచోట్ల ఉంటుంది. అందుకే సీరియల్ నంబరు బిల్లులో రాయించుకోవాలి. అదే ఏడాదో ఏడాదిన్నరో తగ్గిందంటే మాత్రం తీసుకోకండి. అది పాత నిల్వ కావచ్చు, ఎవరో వాడి తిప్పిపంపిందీ కావచ్చు.

అయితే వెబ్‌సైట్‌కి తెలిసింది నంబరు ఒక్కటే. ఆ స్టిక్కర్ నిజంగా ఈ డిస్క్‌దేనా అన్నది దానికి తెలియదు. అందుకని డిస్క్‌ను కంప్యూటర్‌కి తగిలించాక మరోసారి చూడాలి. విండోస్‌లో CrystalDiskInfo అనే ఉచిత ప్రోగ్రాం డిస్క్ లోపల నమోదైన సీరియల్ నంబరునీ, అది మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చెప్పే Power On Hours అంకెనూ చూపిస్తుంది. స్టిక్కర్ మీది నంబరు, తెరమీది నంబరు ఒకటే కావాలి. గంటలు సున్నానో, ఒకటో రెండో ఉండాలి.

ఈ గంటల అంకెనూ చెరిపేసేవాళ్లున్నారు. 2025 జనవరిలో జర్మనీలో కొత్తవని అమ్మిన సీగేట్ డిస్కుల్లో వేల గంటలు నడిచినవి బయటపడ్డాయి. పైకి కనిపించే లెక్కను సున్నా చేశారు గానీ, ఆ డిస్కులు లోపల విడిగా రాసుకునే FARM అనే చిట్టాలో అసలు లెక్క అలాగే ఉండిపోయింది. సీగేట్ డిస్క్ అయితే లైనక్స్‌లో, 7.4 లేదా ఆ తర్వాతి smartmontools ఉంటే, ఆ చిట్టాను ఇలా చూడొచ్చు. sda స్థానంలో మీ డిస్క్ పేరు ఇవ్వండి.

```
sudo smartctl -l farm /dev/sda
```

రెండు లెక్కలూ పొంతన లేకుండా ఉంటే డిస్క్‌లోకి ఒక్క ఫొటో కూడా ఎక్కించకండి. ఆ తెరను ఫొటో తీసి, బిల్లుతో సహా అదేరోజు షాపుకి వెళ్లండి.