మీకు తెలుసా? తప్పు పడిన పువ్వే చీర గుట్టు చెబుతుంది!

పేరులో కలం ఉంది, పనిలో కలం లేదు! కృష్ణా జిల్లాలోని పెడన, మచిలీపట్నంలలో తయారయ్యే కలంకారీ బట్టను టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో అద్దుతారు. కలంతో బొమ్మలు గీసే కలంకారీ శ్రీకాళహస్తిది.

ఒక చీర నిండా పువ్వులు పడాలంటే అచ్చు ఎన్నిసార్లు వేయాలో ఊహించండి! యాభై? వంద? లెక్క కట్టి చూద్దాం. చీర పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు 45 అంగుళాలు అనుకుందాం. చేతిలో ఆరంగుళాల చదరపు అచ్చు ఉంది. ఒక్క రంగుకే 270 సార్లు వేయాలి! నాలుగు రంగులుంటే రంగుకో అచ్చు కావాలి కాబట్టి మొత్తం 1,080. ప్రతిసారీ అచ్చును రంగు పళ్లెంలో ముంచాలి, పక్క పువ్వు అంచుకు సరిగ్గా ఆనించాలి, పైన చేత్తో ఒక్క దెబ్బ వేయాలి. వెయ్యిన్నీ ఎనభై సార్లు ఆ చెయ్యి ఒకేలా పడుతుందా? పడదు! ఆ తేడా గుర్తుంచుకోండి, ముందుముందు దానితోనే మనకు పని.

అదే చీరను రోటరీ స్క్రీన్ యంత్రం ఎనిమిదిన్నర చుట్లలో ముగించేస్తుంది! ఇందులో సన్నని రంధ్రాలున్న లోహపు గొట్టం గుండ్రంగా తిరుగుతూ ఉంటే, లోపలి రంగు ఆ రంధ్రాల గుండా బట్ట మీదకు దిగుతుంది. సాధారణంగా వాడే గొట్టం చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. యంత్రం నిమిషానికి 40 మీటర్ల వేగంతో నడిస్తే మన చీర ఎనిమిది సెకన్లలో బయటికొస్తుంది. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోపు!

ఏ బట్టను ఎలా అద్దారో తేల్చడానికి కుట్టుమిషను పక్కనుండే టేపే ఇక్కడ అపరాధ పరిశోధకుడు! గొట్టం ఒక చుట్టు తిరిగాక మళ్లీ మొదటికే రావాలి కదా. కాబట్టి దాని మీది డిజైన్ 64 సెంటీమీటర్లకో, దాన్ని సమభాగాలు చేస్తే వచ్చే 32కో, 16కో తిరిగొస్తుంది. అచ్చు మాత్రం చేతికి అందేంతే ఉండాలి కాబట్టి జానెడు లోపే పువ్వు మళ్లీ కనిపిస్తుంది.

డిజిటల్ అద్దకానికి అసలు పువ్వు మళ్లీ రావలసిన అవసరమే లేదు! కంప్యూటర్‌లో ఉన్న బొమ్మను యంత్రం నేరుగా సన్నని రంగు బిందువులుగా బట్ట మీదకు చిమ్ముతుంది. అందుకే చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఒక్క బొమ్మ వేయమన్నా వేస్తుంది. ఒక్కో బిందువు పది పికోలీటర్లు అనుకుంటే, ఒక్క టీ చెంచా రంగులో 50 కోట్ల బిందువులుంటాయి! అంగుళానికి 600 చుక్కల చొప్పున వేస్తే మన చీర మీద చుక్క పడగల చోట్లు సుమారు 350 కోట్లు. అచ్చు దెబ్బలు వెయ్యి, డిజిటల్ చుక్కల చోట్లు మూడున్నర వందల కోట్లు. అయినా దూరం నుంచి రెండూ ఒకేలా ఉన్నాయంటే వింత కాదూ?

దగ్గరికి వెళ్తే మాత్రం అంచులు ఊరుకోవు! ఒక భూతద్దం తీసుకోండి, లేదా ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి జరపండి.

చెక్క అచ్చు అద్దిన పువ్వుకు కాటుక గీసినట్టు అంచు ముదురుగా, నడుమ కొంచెం పలచగా ఉంటుంది. అచ్చును గట్టిగా నొక్కినప్పుడు చెక్క కింది రంగు పక్కలకు జరిగి అంచు దగ్గర పోగవుతుంది, కారణం అదే! స్క్రీన్ అద్దకంలో రంగు జల్లెడలాంటి వలగుండా దిగుతుంది కాబట్టి పువ్వంతా ఒకే మందంగా పరుచుకుంటుంది. భూతద్దంలో చూస్తే దాని వంపు గీతల అంచున వల కళ్లు చిన్న చిన్న మెట్లలా కనిపించవచ్చు. డిజిటల్‌లో గోధుమ రంగు పువ్వును పెద్దది చేసి చూస్తే నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కలగలిసి ఉంటాయి. ముదురు చోట చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే లేత రంగున్న చోటే వెతకండి.

అచ్చుకు ముక్కు రంధ్రాలుంటాయి, తెలుసా? పెద్ద అచ్చు వెనక నుంచి చిన్న బెజ్జాలు పెడతారు. నొక్కినప్పుడు లోపల చిక్కిన గాలి అందులోంచి పోకపోతే పువ్వు మధ్యలో రంగు అంటదు మరి! కొన్ని అచ్చుల మూలల్లో చిన్న గుర్తు చుక్క కూడా ఉంటుంది. తరవాతి అచ్చును ఎక్కడ ఆనించాలో ఆ చుక్కే చెబుతుంది. కొత్త బట్ట మీద పువ్వుల సందుల్లో వరసగా అలాంటి చుక్కలు కనబడితే అవి మరకలనుకోకండి, పనివాడు దారి తప్పకుండా పెట్టుకున్న గుర్తులవి!

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి: తప్పుకు కూడా జాతకం ఉంటుంది!

మా గొలుగొండలో పక్కింటి పిన్ని నర్సీపట్నం వెళ్లి మూడు దుప్పట్లు కొనుక్కొచ్చింది. మూడూ చేత్తో అద్దినవేనని చెప్పి ఇచ్చారట. “ఇదిగో చూడు, ఎర్ర రంగు నల్ల గీత దాటి పక్కకెళ్లిపోయింది. చేతి పని కాకపోతే ఇలా ఎందుకవుతుంది?” అంది మొదటి దుప్పటి చూపించి. నిజమే, ఎరుపు ఒక దారపు పోగంత కుడికి జరిగి ఉంది.

“పిన్నీ, ఆ పక్క పువ్వు కూడా చూడు” అన్నాను. అదీ కుడికే, అదీ పోగంతే. ఇద్దరం కూర్చుని ఇరవై పువ్వులు చూశాం. ఇరవైలోనూ అదే తప్పు, అదే వైపు, అదే కొలత! ఒక పువ్వు రేకులో చిన్న తెల్ల మచ్చ ఉంటే టేపు పెట్టాను. సరిగ్గా 64 సెంటీమీటర్ల దగ్గర ఆ మచ్చ మళ్లీ వచ్చింది, ఇంకో 64 దగ్గర మళ్లీ వచ్చింది. అచ్చు పనిని చూసి గీసిన డిజైన్ అది. తప్పును కూడా కలిపి గొట్టం మీదకు ఎక్కించారు!

రెండో దుప్పటిలో ఒక పువ్వుకు ఎరుపు కుడికి జరిగింది, దాని పక్కదానికి కిందికి, ఆ పక్కది చక్కగా గీత లోపలే కూర్చుంది. ఒక చోట రంగు చిక్కగా ఉంది, నాలుగు పువ్వులు దాటాక పలచబడింది, మళ్లీ చిక్కబడింది. రెండు అచ్చులు కలిసే చోట ఒకసారి సన్నని సందు వచ్చింది, ఒకసారి ఒకదాని మీద ఒకటి పడి నల్లటి గీత వచ్చింది. ఇది చేతి పనే! అయితే అన్ని పువ్వుల్లోనూ ఒక ఆకు కొస మాత్రం విరిగే ఉంది. పిన్ని కంగారు పడింది. “మరి ఇదీ మళ్లీ మళ్లీ వస్తోందిగా?” అంది. మంచి ప్రశ్నే! అచ్చులో ఆ ఆకు కొస విరిగి ఉంటుంది, అందుకే అచ్చు పడిన ప్రతిచోటా అలాగే వస్తుంది. చెక్కలో ఉన్న లోపం తిరిగొస్తుంది, చేతిలో వచ్చిన లోపం తిరిగిరాదు. రెండూ కలిసి కనిపిస్తే అది అచ్చు బట్ట!

మూడో దుప్పటి నెమలి పింఛం డిజైన్, లెక్కలేనన్ని రంగులు. తిరగేస్తే వెనక వైపు సగానికి సగం వెలిసినట్టుంది. ఒక చోట అడ్డంగా వెంట్రుకంత తెల్లగీత, ఎక్కడా తప్పకుండా సాగిపోయింది. రంగు చిమ్మే సన్నని రంధ్రం ఒకటి మూసుకుపోతే ఇలాంటి గీత పడుతుంది. అచ్చుకూ స్క్రీనుకూ ఇలాంటి గీత సాధారణంగా రాదు, ఇది డిజిటల్ యంత్రం సంతకం!

వెనక వైపు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో వింత. పాత పద్ధతిలో ఎర్ర పువ్వు అద్దేవాళ్లు ఎర్ర రంగు అద్దరు! అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు, అది దాదాపు కంటికి కనిపించదు. తరవాత బట్టను ఎర్ర రంగు నీళ్లలో వేసి ఉడికిస్తే, పటిక పడిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. పటిక నీళ్లు బట్టలోకి ఇంకుతాయి, ఉడుకుతున్న నీటిలో రంగు అక్కడికంతా చేరుతుంది కాబట్టి వెనక నుంచి చూసినా పువ్వు నిండుగా ఉంటుంది.

ఈ పటిక కిటుకును పరదేశానికి ఉత్తరం రాసి చెప్పిన వారిలో తెలుగు నేర్చిన పరదేశి పండితుడొకడున్నాడు! ఫ్రాన్సు నుంచి వచ్చిన మతగురువు కోర్డూ 1742లో దక్షిణ భారత అద్దకం పనిని విడమరిచి స్వదేశానికి రాశాడు, తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువునూ కూర్చాడు. అప్పటికి ఫ్రాన్సులో మన అద్దకపు బట్టల మీద నిషేధం ఉంది. 1686లో మొదలై 1759 దాకా సాగిందది. కట్టుకోవడానికి వీల్లేని బట్టను తయారు చేసే విధానం కోసం అంత ఆరాటమన్నమాట!

ఒక్క జాగ్రత్త. వెనక్కి తిప్పి చూసినంత మాత్రాన తీర్పు చెప్పకండి. బట్ట మరీ పలచనైతే స్క్రీన్ రంగైనా డిజిటల్ రంగైనా అటువైపు దిగిపోతుంది, దళసరి బట్ట మీద చేతి అద్దకమూ వెనక లేతగానే ఉండొచ్చు. ఊరి పేరు కూడా సాక్ష్యం కాదు, ఎందుకంటే పెడనలోనూ స్క్రీన్ అద్దకం జరుగుతోంది. అంచు, పువ్వుల మధ్య దూరం, రంగు లోతు, ఈ మూడూ ఒకే మాట చెబితేనే నమ్మండి. స్క్రీన్ తక్కువది, అచ్చు ఎక్కువది అని కాదు సుమండీ! మాంచెస్టర్‌లో సామ్యూల్ సైమన్ 1907లో స్క్రీన్ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, నూరేళ్లు దాటిన విద్య అదీ. ఒకటి చూపి ఇంకొకదాని ధర చెప్పడమే నాకు నచ్చదు.

మన మన్యం కొండల్లోనూ దొరికే కరక్కాయ లేకపోతే పెడన నలుపు లేదు! బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుప్పు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లను దాని మీద అద్దగానే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి బట్ట మీదే నలుపు పుడుతుంది.

ఆ నలుపుకు ఒక ఆకలి కూడా ఉంది! వందల ఏళ్లు గడిచేసరికి ఆ ఇనుము నూలు పోగును నెమ్మదిగా తినేస్తుంది. ప్రదర్శనశాలల్లోని పాత కలంకారీలలో కొన్నింటికి ఎర్ర పువ్వు చెక్కుచెదరకుండా ఉండి, దాని చుట్టూ నల్లగీత ఉండాల్సిన చోట గీత ఆకారంలోనే చిరుగు కనిపిస్తుంది.