రిహార్సల్ శనివారం మూడింటికి ఎందుకు పెట్టామంటే

మొన్న జనవరిలో జరిగిన మా కాలనీ వార్షికోత్సవానికి ముందు రోజు, వేషాలు, లైట్లు, మైకు అన్నీ పెట్టుకుని మొదటి ఐటం నుంచి చివరి దాకా వరుస తప్పకుండా రిహార్సల్ చేద్దామన్నాను. కమిటీలో కొందరు ముఖం చిట్లించారు. "అందరికీ పాటలూ వచ్చు, పద్యాలూ వచ్చు. ఇంకేం రిహార్సల్ అన్నా? పైగా వేషాలకు ఒక రోజు అద్దె ఎక్కువ" అన్నారు. అద్దె మాట నిజమే. కాని పన్నెండేళ్లుగా తెర వెనక పని చూస్తున్నవాడిని. ఫంక్షన్ చెడేది ఐటంలో కాదు, ఒక ఐటం అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో. ఆ సందు ఎంతుందో వేషాలతో ఒకసారి నడిపితే తప్ప తెలియదు.

టైము కుదర్చడం మనకు మొదటి తలనొప్పి. మన వాళ్లు మూడు షిఫ్టుల్లో ఉంటారు. శుక్రవారం రాత్రి షిఫ్టు చేసినవాళ్లు శనివారం ఉదయం ఆరింటికి ఇల్లు చేరి, మధ్యాహ్నం దాకా పడుకోవాలి. ఉదయం షిఫ్టువాళ్లు రెండింటికి దిగుతారు, అన్నం తినాలి. అందుకే మూడు గంటలు. రెండో షిఫ్టువాళ్లు మాత్రం ఎలా చూసినా దొరకరు. అలాంటివాళ్లు ఇద్దరు: వీరబాహుడి వేషగాడు, తెర లాగే అబ్బాయి. ఇద్దరూ మంగళవారమే వేరేవాళ్లతో షిఫ్టు మార్చుకున్నారు. శనివారం ఉదయం అడిగితే ఏ సూపర్‌వైజరూ ఒప్పుకోడు. హార్మోనియం ఆయనా, చంద్రమతి వేషం వేసే తమ్ముడూ తిరుత్తణి నుంచి రావాలి. తిరువళ్లూరుకు సుమారు 40 కిలోమీటర్లు, లోకల్ రైలే దిక్కు. వాళ్లను ఏడింటికల్లా వదిలేయాలి. అయినా చివరి ఐటం కాటి సీను చీకటిపడ్డాక నడవాలి, లేకపోతే లైట్ల సంగతి తేలదు. జనవరిలో ఆరు దాటితే చీకటి పడుతుంది కాబట్టి మూడింటికి మొదలుపెడితే రెండూ కుదిరాయి.

రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు దేశమంతటికీ అవే. మాది ఆరింటికి మొదలు, 11 ఐటాలు, కాగితం మీద తొమ్మిదీ అయిదుకు ముగింపు. కమిటీకి గంట మిగిలినట్టే కనపడింది. రిహార్సల్‌లో ఒక కుర్రాడిని గడియారంతో కూర్చోబెట్టి సందులు మాత్రమే రాయమన్నాను. పది సందులు కలిపితే 58 నిమిషాలు! అంటే పద్యానికి ఒక్క "వన్స్ మోర్" పడకపోయినా పది దాటిపోతుంది.

ఎక్కడ పోయింది అంత టైము? సగం రెండు చోట్లే పోయింది. కోలాటంలో ఉన్న ముగ్గురు ఆడపిల్లలు వెంటనే తర్వాతి డాన్సులోనూ ఉన్నారు. జడగంటలు విప్పి చీర మార్చేసరికి తొమ్మిది నిమిషాలు. మామూలు బట్టలతో చేసిన రిహార్సళ్లలో ఇది ఎవరికీ కనపడలేదు. మధ్యలో ఒక ప్రసంగం తెచ్చి పెట్టాం, సరిపోయింది. (ప్రసంగాలకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.) రెండోది కాటి సీను సెట్టు. దానికి ముందున్న ఐటం ఒక్కరు పాడే పాట. ఆ పాట ముందు తెర దగ్గర జరుగుతుంటే, వెనక తెర చాటున కట్టెలు, కుండ సర్దేశారు. మిగతావీ కొంచెం కొంచెం సర్దితే 40 నిమిషాలకు దిగింది.

ఇక క్యూ షీటు. ఎప్పుడు, ఎవరు, ఏం చేయాలో రాసిన కాగితం అది. మన దగ్గర దాన్ని తెలుగులో రాసి గోడకు అంటిస్తే లాభం లేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇక్కడి మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో తమిళం చదువుతారు. తెర లాగే అబ్బాయికి తెలుగు అక్షరం రాదు. అందుకని క్యూలకు నంబర్లు ఇచ్చాను. అతని కాగితంలో తమిళంలో రాసి, పక్కన తెర బొమ్మ, బల్బు బొమ్మ వేశాం. "పద్నాలుగు, సిద్ధం" అంటే చెయ్యి తాడు మీద ఉండాలి. "పద్నాలుగు, వదులు" అంటే లాగాలి. ఆ రెండు మాటలూ తెర వెనక ఒక్కరి నోటి నుంచే రావాలి. ఇద్దరు చెబితే తాడు దగ్గరున్నవాడు ఎవరి మాట వింటాడు?

క్యూను పద్యం చివరి మాటకు కట్టకూడదు. హరిశ్చంద్ర నాటకంలో ఇది మరీ ముఖ్యం. మనవాళ్లు రాగం తీస్తూనే ఉంటారు, జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. అయిపోయిందనుకుని లైటు మార్చేస్తే నటుడు చీకట్లో పాడాల్సిందే. అందుకే క్యూను పనికి కట్టాను. హరిశ్చంద్రుడు కర్ర కింద పెట్టాక ఎర్ర లైటు. చంద్రమతి బిడ్డ పక్కన కూలబడ్డాక హార్మోనియం ఆగాలి. మాట మరిచిపోయినా, రెండుసార్లు పాడినా, కర్ర మాత్రం ఒక్కసారే కింద పెడతాడు.

కాటి సీనుకు సామాన్లు తక్కువే: కాటికాపరి కర్ర, కుండ, కత్తి, పూలదండ. కుడివైపు వింగు పక్కన ఒక బల్ల వేసి, పాత దుప్పటి పరిచి, ఒక్కో వస్తువు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాం. గీత ఖాళీగా ఉంటే వస్తువు స్టేజి మీద ఉన్నట్టు. దూరం నుంచే తెలుస్తుంది. బల్ల దగ్గర ఒక అక్క కూర్చుంది. ఇచ్చేదీ తీసుకునేదీ ఆమే. నటులు సొంతంగా తీసుకోకూడదు, వెళ్తూ వెళ్తూ కుర్చీ మీద పడేయకూడదు. వీరబాహుడు మొదట్లో విసుక్కున్నాడు. "మామా, కర్ర నీది కాదు, బల్లది" అని అక్క అనేసరికి నవ్వేశాడు.

అసలు పరీక్ష కత్తి దగ్గర. చంద్రమతి మీద ఎత్తిన కత్తి పూలదండ కావాలి. లైట్లు మూడు లెక్కలు ఆపి, ఆ చీకట్లో కత్తి తీసుకుని దండ అందించాలి. పగటి రిహార్సళ్లలో ఎప్పుడూ బాగానే వచ్చింది. శనివారం ఆరున్నరకు నిజంగా చీకట్లో చేస్తే ఏడు లెక్కలు పట్టింది. లైటు మూడుకే వెలిగింది. దండ అందించే కుర్రాడు హరిశ్చంద్రుడి పక్కన దొరికిపోయాడు, పిల్లలు గొల్లుమన్నారు. కారణం చూస్తే, కత్తి కుడిచేతిలో ఉంది, కుర్రాడు ఎడమ వింగు నుంచి వస్తున్నాడు. కత్తి అందుకోవడానికి మనిషి చుట్టూ తిరగాలి, దండేమో కిరీటానికి తగులుకుంటోంది. కుర్రాడిని కుడి వింగుకు మార్చి, హరిశ్చంద్రుడు నిలబడే చోట నేల మీద తెల్ల టేపు అంటించి, మళ్లీ మళ్లీ చేయించాను. నాలుగోసారికి మూడు లెక్కల్లో అయింది. అప్పుడే వదిలాను. తిరుత్తణి వాళ్లు స్టేషనుకు పరుగెత్తారు.

ఇంకో చిన్న సంగతి. లోహితాస్యుడిగా పడుకున్న పిల్లాడికి సాంబ్రాణి పొగ పడదు, శవం రెండుసార్లు తుమ్మింది. పొగ కుండను వింగు అవతలికి జరిపాం.

ఆదివారం తొమ్మిదీ యాభైకి తెర పడింది. రెండు వన్స్ మోర్‌లు పడ్డా సరిపోయింది. కాని అక్క బల్ల దగ్గర నుంచి లేవలేదు. వేషాల కొట్టు చీటీ చేతిలో పెట్టుకుని కిరీటం, హారాలు, కత్తి, గడ్డాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి మూటలో వేసింది. ఒక భుజకీర్తి తగ్గింది. నటులు ఇంకా మొహం కడుగుతూనే ఉన్నారు కాబట్టి, పంచె మడతలో దొరికింది. తెల్లారాక వెతికి ఉంటే అప్పటికి ఆ పంచె తిరుత్తణి చేరేది, కొట్టువాడు అడ్వాన్సులో కోసేవాడు.

తాడు లాగిన అబ్బాయికి ఈసారి కూడా అదే పని కావాలట. ఆ షీటును మడిచి దాచుకున్నాడు. అందులో బొమ్మల పక్కన తెలుగు అక్షరాలు కూడా రాసి ఇవ్వమని అడిగాడు.