చల్లని ఇంజన్ చెప్పే నిజం

నీడలో ఉన్న పాత కారు బానెట్ వెచ్చగా తగిలితే, అమ్మేవారు ముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లారాకే వస్తానని చెప్పండి. రాత్రంతా ఆగిన పెట్రోల్ బండి స్టార్ట్ కాగానే నీలం పొగ కాసేపు వచ్చి పోతే, వాల్వ్ సీళ్లు అరిగి ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతోందని అనుమానించాలి. వేడెక్కిన ఇంజన్‌లో ఈ గుట్టు దాగిపోతుంది. చలిపొద్దున తెల్లని ఆవిరి మామూలే. ఇంజన్ వేడెక్కినా ఆగకపోతేనే భయం, కూలెంట్ లోపలికి కారుతూ ఉండొచ్చు.

తర్వాత పాటలు, ఏసీ ఆపేసి నడపండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా చుట్టు తిరిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటే సీవీ జాయింట్ అరిగినట్టే. 60 కిలోమీటర్ల వేగంలో వినిపించే గుయ్యిమనే మోత కుడి మలుపులో పెరిగితే, సాధారణంగా ఎడమ చక్రం బేరింగ్ పోయినట్టు. మలుపులో బరువు అటే పడుతుంది కదా.